45 నిమిషాల పాఠాన్ని 5 నిమిషాల లైట్నింగ్ టాక్‌గా మార్చడం ఎలా?

డిపార్ట్‌మెంట్ డే అనగానే ఒక్కొక్కరికీ ఐదేసి నిమిషాలు ఇస్తారు. మనవాళ్ళు క్లాసులో చెప్పే స్లైడ్లలో సగం తీసేసి, మిగిలిన సగం గబగబా తిప్పేస్తారు. హైదరాబాద్ కాలేజీల్లో ఇలాంటి టాక్‌లు చాలా ఇచ్చాను, అంతకంటే ఎక్కువే విన్నాను. గంట మోగేసరికి ఇంకా పరిచయం దగ్గరే ఉన్నవాళ్ళను చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళ దగ్గర మంచి విషయం ఉంది, అది చివరి పది స్లైడ్లలో ఉండిపోయింది.

నా పాఠాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. సివిల్ థర్డ్ ఇయర్‌కి వరద నియంత్రణ చెప్తాను, 48 స్లైడ్లు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదతో మొదలై, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా, మూసీ మీద 1920లో పూర్తయిన, మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్ సాగర్, మూసీలో కలిసే ఈసీ నది మీద 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్, ఆ తర్వాత గంటగంటకీ ఎంత నీరు పారుతోందో చూపే హైడ్రోగ్రాఫ్‌లు, ఆ వరద చెరువు దాటి ఎలా బయటికెళ్తుందో తేల్చే ఫ్లడ్ రూటింగ్ లెక్కలు, గేట్లు ఎత్తే పద్ధతి దాకా వెళ్తుంది.

ముందు చేయాల్సిన పనులు చిన్నవే. పాత ఫైలును Save As కొట్టి పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. కొత్త ఖాళీ ఫైలు తెరవండి. పాత ఫైల్లోంచి స్లైడ్లు తీసేస్తూ పోతే ప్రతి స్లైడూ "ఇది కూడా ముఖ్యమే కదా" అనిపిస్తుంది. ఖాళీ ఫైల్లోకి తెచ్చుకునేటప్పుడైతే ప్రతి స్లైడూ ఎందుకు వస్తోందో మీకు మీరే జవాబు చెప్పుకోవాలి. ఒక ఫోన్ స్టాప్‌వాచ్, ఒక తెల్ల కాగితం. ఇంకేం అక్కర్లేదు.

ఇక అసలు పని, అందరూ వదిలేసేది: టాక్ మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయడం. కంప్యూటర్ మూసేసి కాగితం మీదే రాయండి. ఈ వాక్యం తేలకుండా ఒక్క స్లైడ్ కూడా చేయకండి. నాకైతే దీనికి రెండు సాయంత్రాలు పట్టింది, మిగతా పనంతా కలిపి ఒక సాయంత్రం.

నేను మొదట రాసింది "మూసీ వరదలు, నియంత్రణ చర్యలు" అని. ఇది వాక్యం కాదు, పాఠం పేరు. పాఠం పేరు రాసుకుంటే దాని కిందకు 48 స్లైడ్లూ వచ్చేస్తాయి, ఏది తీయాలో తెలియదు. రెండోసారి "ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లను వరద ఆపడానికి కట్టారు" అని రాశాను. ఇది నిజమే, వాక్యమే, కానీ విన్నవాళ్ళు "అవునా" అని ఊరుకుంటారు, అందులో ముందుకు లాగేది ఏమీ లేదు. అప్పుడు క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న గుర్తొచ్చింది: "సార్, చెరువు ముందే నిండి ఉంటే వరదను ఎలా ఆపుతుంది?" నా వాక్యం అక్కడే దొరికింది. "వరదను ఆపే చెరువు ఖాళీగా ఉండాలి, మంచినీళ్ళిచ్చే చెరువు నిండుగా ఉండాలి, మన గండిపేట ఆ రెండు పనులూ చేయాలి."

మీ వాక్యం కోసం కూడా అక్కడే వెతకండి. పాఠం మధ్యలో పిల్లలు తల ఎత్తి చూసే చోటు, బెల్ కొట్టాక కూడా వచ్చి అడిగే ప్రశ్న. అది దాదాపు ఎప్పుడూ మొదటి పది స్లైడ్లలో ఉండదు. రాశాక మీ సబ్జెక్టు కాని ఒకరికి క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ చెప్పండి. "మరి ఎట్లా?" అని అడిగితే వాక్యం పనికొచ్చింది. "మంచిది సార్" అంటే మళ్ళీ రాయాలి. మా కెమిస్ట్రీ మేడమ్‌కి చెప్తే వెంటనే "మరి ఎంత ఖాళీ ఉంచాలన్నది ఎవరు చెప్తారు?" అన్నారు, ఇక మార్చలేదు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. వాక్యంలో "మరియు" వచ్చిందంటే అనుమానించండి, సాధారణంగా రెండు టాక్‌లు కలిసిపోయి ఉంటాయి. నా వాక్యంలోనూ రెండు ముక్కలున్నాయి కానీ అవి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నాయి, ఆ కొట్లాటే టాక్. పక్కపక్కన ఊరికే కూర్చున్న రెండు విషయాలైతే ఒకటి తీసేయండి.

వాక్యం తేలాక స్లైడ్లు వాటంతటవే రాలిపోతాయి. నాకు మిగిలినవి ఆరు. వరద తేదీ ఉన్న ఒక ఫొటో, రెండు జలాశయాలు కనిపించే ఒక మ్యాప్, ఒకే గ్రాఫ్ మూడు మెట్లలో, చివర ఆ వాక్యం. విషయ సూచిక, పూర్వ పరిశోధనలు, లెక్కల పట్టికలు అన్నీ పోయాయి. "ధన్యవాదాలు" స్లైడ్ కూడా వద్దు, ప్రశ్నలు అడిగేటప్పుడు తెర మీద మీ వాక్యం ఉండాలి.

గ్రాఫ్‌ను మాత్రం పాత ఫైల్లోంచి కాపీ చేయకండి, మళ్ళీ గీయండి. క్లాసులో నా హైడ్రోగ్రాఫ్‌లో నాలుగు గీతలు, పక్కన లెజెండ్, కింద చిన్న అక్షరాలు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు అది చదివేలోగా అర నిమిషం పోతుంది. కొత్తదానిలో మొదట చెరువులోకి వచ్చే వరద గీత ఒక్కటే, నిటారుగా లేచి దిగుతుంది. రెండో స్లైడ్‌లో ఖాళీ చెరువు నుంచి బయటికెళ్ళే గీత, పొట్టిగా, ఆలస్యంగా. మూడోదానిలో ముందే నిండిన చెరువు నుంచి వెళ్ళే గీత, వచ్చిన వరదకు దాదాపు ఆనుకునే ఉంటుంది. పేర్లు గీతల పక్కనే రాయండి. ఇవి కొలిచిన లెక్కలు కావు కాబట్టి మూలన "నమూనా చిత్రం" అని రాశాను, అది మర్చిపోకూడదు.

కొందరు ఇగ్నైట్ పద్ధతి వాడమంటారు, 20 స్లైడ్లు, ఒక్కోటి 15 సెకన్లకు దానంతటదే మారుతుంది. కథ చెప్పేవాళ్ళకు బాగుంటుంది. గ్రాఫ్ అర్థం కావాల్సిన టాక్‌కు అది పనికిరాదు, నేను గీత మీద వేలు పెట్టి చూపిస్తుండగానే స్లైడ్ వెళ్ళిపోతుంది. క్లిక్కర్ మీ చేతిలోనే ఉండాలి.

తీసేసిన లెక్కల స్లైడ్లలో ఐదారింటిని చివర పెట్టి, Hide Slide కొట్టండి. ఎవరైనా రూటింగ్ గురించి అడిగితే షో నడుస్తుండగానే ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. ఆ నంబర్లు చీటీ మీద రాసుకోండి.

రిహార్సల్ నిలబడి, గట్టిగా, మూడుసార్లు. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ టైమే వస్తుంది. నాలుగున్నర నిమిషాలకు ముగియాలి, ఎందుకంటే మైకు చేతులు మారడానికి, నవ్వులకు, ల్యాప్‌టాప్ తగిలించడానికి మిగతాది పోతుంది. నాకు మొదటి గ్రాఫ్ ఒకటిన్నర నిమిషంలో రావాలి. రెండు నిమిషాలైనా రాకపోతే వేగం పెంచను, ఆ రోజే మ్యాప్ గురించిన మాటల్లో సగం కొట్టేస్తాను. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం కంఠతా రావాలి, మధ్యలోది చూసి చెప్పుకోవచ్చు. స్టేజీ మీద మీకంటే ముందువాళ్ళు టైమ్ దాటేసి, మీకు నాలుగు నిమిషాలే ఇస్తామంటే టెన్షన్ పడకుండా ఫొటో వదిలేసి నేరుగా మ్యాప్ నుంచి మొదలుపెట్టండి. గ్రాఫ్ మూడు మెట్లలో మాత్రం ఒక్కటి కూడా తీయకండి.