మొదటి 5 కిలోమీటర్ల పరుగు: కిలోమీటరు దాటగానే రొప్పు వస్తుంటే పేస్ ఎలా సరిచేసుకోవాలి

5 కిలోమీటర్ల పరుగు పోటీకి సిద్ధమవుతూ నువ్వు పంపిన రెండు ప్రాక్టీసు స్క్రీన్‌షాట్లూ చూశాను. ఆదివారం మొదటి కిలోమీటరు 5:40లో, రెండోది 6:55లో, మూడోది 8:10లో పరిగెత్తి అక్కడే ఆగిపోయావు. అంతకు ముందు వారం ట్రాక్ మీద 2 కిలోమీటర్లు 14 నిమిషాల్లో పూర్తి చేశావు. "నాకు స్టామినా లేదేమో" అని రాశావు కానీ ఆ అంకెల్లో అలా ఏమీ కనబడటం లేదు. 2 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలిగిన మనిషివి నువ్వు. తప్పంతా 5 కిలోమీటర్లు 30 నిమిషాల్లో పూర్తి చేయాలని పెట్టుకున్న టార్గెట్‌లో ఉంది.

సమస్య: మొదటి కిలోమీటరు హాయిగా సాగుతుంది, రెండోదాంట్లో ఊపిరి అందదు

కారణం: 30 నిమిషాలంటే కిలోమీటరుకు 6:00. నువ్వు గట్టిగా పరిగెత్తిన 2 కిలోమీటర్లలోనే నీ పేస్, అంటే కిలోమీటరుకు పట్టిన సమయం, 7:00. అంటే రెండింటికి పనికొచ్చిన వేగం కన్నా నిమిషం ఎక్కువ వేగంతో ఐదు లాగాలని చూశావు. పైగా మొదటి కిలోమీటరు దానికన్నా ఇంకో 20 సెకన్లు ముందే ముగించావు.

అయినా మొదట్లో తేలిగ్గా అనిపించిందంటే దానికో కారణం ఉంది. పరుగు మొదలైన ఒకటి రెండు నిమిషాలు కండరాలు తమ దగ్గర దాచుకున్న శక్తితో నడుస్తాయి. గుండె, ఊపిరితిత్తులు ఆ వేగానికి తగ్గట్టు అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. అందుకే ఎంత తొందరపడ్డావో ఒంటికి వెంటనే తెలియదు. తెలిసేసరికి ఆ భారం పిక్కల్లోనూ ఛాతీలోనూ కూర్చుని ఉంటుంది. అప్పుడు వేగం తగ్గించినా వెంటనే తేరుకోలేవు. మూడో కిలోమీటరు 8:10కి పడిపోయింది అందుకే.

పరిష్కారం: టార్గెట్‌ను నీ 2 కిలోమీటర్ల టైము నుంచి లెక్కకట్టు. 5 అంటే 2కి రెండున్నర రెట్లు కాబట్టి 14ని 2.5తో గుణించి 35 నిమిషాలు అనుకోకు. దూరం పెరిగేకొద్దీ పేస్ కొంచెం పడుతుంది. పీట్ రీగెల్ అనే ఇంజనీర్ దీనికో సూత్రం ఇచ్చాడు, రన్నర్లు ఎక్కువగా వాడేది అదే. T1, D1 అంటే ఇప్పటికే పరిగెత్తిన టైము, దూరం; T2, D2 అంటే పరిగెత్తబోయే టైము, దూరం:

```
T2 = T1 × (D2 / D1)^1.06
14 × (5 / 2)^1.06 ≈ 37
```

37 నిమిషాలంటే కిలోమీటరుకు 7:24. కానీ ఆ లెక్క 5 కిలోమీటర్లకు సాధన చేసినవాళ్ళకు సరిపోతుంది. నువ్వు ఆగకుండా పరిగెత్తిన ఎక్కువ దూరం 3 కిలోమీటర్లే కాబట్టి, కిలోమీటరుకు ఇంకో 25 సెకన్ల దాకా కలుపుకోవాలి. నీ పేస్ 7:50, మొత్తం టైము 39 నిమిషాల పైన. నా సలహా ఇదే, ఇంతకన్నా తగ్గించమని అడగొద్దు.

ఈ వారం దీన్నొకసారి పరీక్షించుకో. 7:50తో 3 కిలోమీటర్లు పరిగెత్తు. 400 మీటర్ల ట్రాక్ అయితే లోపలి లేన్‌లో రౌండుకు 3 నిమిషాల 8 సెకన్లు పడాలి. రెండో కిలోమీటరు మధ్యలో నీ ఫోన్ నంబరు పైకి చెప్పు. ఐదంకెలు చెప్పి, ఒక ఊపిరి తీసుకుని, మిగతా ఐదూ చెప్పగలిగితే పేస్ కుదిరినట్టే. రెండేసి అంకెలకే ఊపిరి కావాల్సి వస్తుంటే ఎక్కువైనట్టు.

ఎక్కువైతే కంగారు పడకు, మొదటి నుంచే 4 నిమిషాలు జాగింగ్, 1 నిమిషం చురుకైన నడక పెట్టుకో. 7:30 పేస్‌తో 4 నిమిషాల్లో 533 మీటర్లు, నడకలో ఇంకో 100 మీటర్లు వస్తాయి. ఐదేసి నిమిషాలకు 633 మీటర్లు అన్నమాట. అలా 5 కిలోమీటర్లకు సుమారు 39న్నర నిమిషాలే పడుతుంది, ఆగకుండా 7:50తో పరిగెత్తినదానికి దాదాపు సమానం. కాకపోతే నడక ఆయాసం రాకముందే మొదలవ్వాలి. ఆయాసం వచ్చాక నడిస్తే ఒక నిమిషం చాలదు.

సమస్య: ఫోన్ ఒకసారి 6:30, మరుక్షణం 9:10 చూపిస్తోంది

కారణం: అది ఆ క్షణపు పేస్. జీపీఎస్ కొద్ది మీటర్లు అటూ ఇటూ అయినా ఆ అంకె ఎగిరిపడుతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద పరిగెత్తితే మరీ ఎక్కువ, ఆకాశం కనబడదు కదా. దాన్ని చూసి వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఊరికే అలసిపోతావు.

పరిష్కారం: స్క్రీన్ మీద `Avg Pace` పెట్టుకుని, కిలోమీటరుకు ఒకసారే చూడు. ఎప్పుడైనా 12 పైన చూపిస్తే యూనిట్లు మైళ్ళలో ఉన్నాయేమో సరిచూసుకో. మైలుకు 12:36 అంటే నీ 7:50యే. ఫోన్ మీద నమ్మకం లేకపోతే ప్రకాశం బ్యారేజీని కొలబద్దగా వాడుకో. దాని పొడవు సుమారు 1,223 మీటర్లు. తెల్లవారుజామున, బళ్ళు పెరగకముందే, అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తితే 7:50 పేస్‌కు 9 నిమిషాల 35 సెకన్ల ప్రాంతంలో పడాలి.

సమస్య: ప్రాక్టీసులో కుదిరిన పేస్ పోటీ రోజు కుదరదు

కారణం ఎక్కువగా గుంపే. మైకులో పాటలు, చుట్టూ వందలమంది, పక్కన పిల్లలు ఉరుకుతుంటారు. వాళ్ళలో చాలామంది 600 మీటర్ల దగ్గర నడుస్తూ కనబడతారు. నువ్వు స్టార్ట్ లైన్‌కు వెనకగా, నడిచేవాళ్ళకు కాస్త ముందు నిలబడు. మొదటి కిలోమీటరు కావాలనే 8:05లో పూర్తి చెయ్యి. మరీ నెమ్మదిగా ఉందనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు, మూడు, నాలుగు కిలోమీటర్లు 7:50. అప్పటికి 31 నిమిషాల 35 సెకన్లు అయి ఉంటుంది. ఐదోదాంట్లో శక్తి మిగిలితే 7:35 దాకా పెంచు, 39:10కి ముగుస్తుంది. చివరి కిలోమీటరులో ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా వచ్చినా ఫరవాలేదు.

రెండో కారణం మన ఉక్క. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. నిలబడినచోటే బనీను తడిసిపోతుంటే కిలోమీటరుకు 15 నుంచి 30 సెకన్లు ముందే కలుపుకుని, 8:05 నుంచి 8:20 మధ్య పరిగెత్తు. మధ్యలో చూద్దాంలే అనుకుంటే ఆదివారం జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ప్రాక్టీసు కూడా పోటీ రోజు పరుగు ఎన్నింటికి ఉందో అదే వేళకు చెయ్యి. సాయంత్రం ఎండ తగ్గాక వచ్చిన టైమును ఉదయం ఉక్కకు లెక్కకట్టలేం.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి చెమట ఆగి ఒళ్ళు వణకడం వస్తే మాత్రం పేస్ గురించి ఆలోచించకు. వెంటనే ఆగి, పక్కన ఉన్న వాలంటీర్‌ను పిలువు.

బుధవారం 3 కిలోమీటర్ల పరీక్ష చేసి, కిలోమీటరు వారీగా మూడు టైములూ, నంబరు ఎన్ని అంకెల దగ్గర తెగిందో పంపు. మూడింటి మధ్య తేడా 15 సెకన్ల లోపు ఉంటే 7:50 ఖాయం చేసుకుందాం. మూడోది అంతకన్నా పడిపోతే 4-1 పద్ధతికి మారదాం.