క్యూబ్ ముఖం ఫ్లక్స్: q/48ε₀ ఎందుకు వస్తోంది, ఎక్కడ సరిచేయాలి

క్యూబ్ మధ్యలో చార్జ్ ఉంటే ఒక్కో ముఖం గుండా q/6ε₀ ఫ్లక్స్ వెళ్తుందని అందరికీ కంఠతా వచ్చు. అదే చార్జ్‌ని ఒక మూలకి జరిపి అడిగితే మాత్రం తలో జవాబు చెప్తారు. మంచి విషయం ఏంటంటే, ఈ లెక్కలో తప్పు జవాబు చూస్తే తప్పు ఏ లైన్లో జరిగిందో దాదాపుగా చెప్పేయొచ్చు, ఎందుకంటే ఒక్కో పొరపాటుకి ఒక్కో జవాబు వస్తుంది.

పట్టుకోవడానికి సులువుగా ఉంటుందని ఒక అంకె తీసుకుందాం. q = 17.7 నానోకూలంబ్‌లు, ε₀ = 8.85 × 10⁻¹² అనుకుంటే q/ε₀ సరిగ్గా 2000 N·m²/C అవుతుంది. అంటే చార్జ్ నుంచి అన్ని దిక్కులా బయల్దేరే మొత్తం ఫ్లక్స్ 2000. చార్జ్ మధ్యలో ఉంటే ఒక్కో ముఖానికి 333.3. క్యూబ్ భుజం పొడవు ఇవ్వలేదని కంగారు పడకండి, అది అక్కర్లేదు. క్యూబ్ పెద్దదయ్యే కొద్దీ వైశాల్యం ఎంత రెట్లు పెరుగుతుందో క్షేత్రం అన్ని రెట్లు తగ్గుతుంది, రెండూ కొట్టుకుపోతాయి.

సమస్య 1: చార్జ్ మూలలో ఉంది, మీకు q/48ε₀ వచ్చింది (మన అంకెల్లో 41.7)

ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు, నేనూ చేశాను. సగం లెక్క కరెక్టే. సరిగ్గా మూల మీద ఉన్న చార్జ్ క్యూబ్ లోపలా లేదు, బయటా లేదు, కాబట్టి గాస్ నియమాన్ని నేరుగా వాడలేం. అందుకే ఆ మూల చుట్టూ అలాంటివే ఇంకో ఏడు క్యూబులు పేర్చి, మొత్తం ఎనిమిదింటితో ఒక పెద్ద క్యూబ్ కడతాం. ఇప్పుడు చార్జ్ పెద్ద క్యూబ్‌కి నట్టనడుమ ఉంటుంది, ఎనిమిది చిన్న క్యూబులూ దానికి ఒకేలా కనిపిస్తాయి, మన వాటాకి q/8ε₀, అంటే 250. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

కారణం తర్వాతి లైన్లో ఉంది. క్యూబ్‌కి ఆరు ముఖాలు కాబట్టి 250ని ఆరుతో భాగించేస్తాం. కానీ సమానంగా పంచాలంటే ఆరు ముఖాలూ చార్జ్‌కి ఒకేలా కనిపించాలి కదా. మూలలో కూర్చుని చూస్తే అవి ఒకేలా లేవు: మూడు ముఖాలు ఆ మూలలోనే కలుస్తున్నాయి, మిగతా మూడు ఎదురుగా దూరంగా ఉన్నాయి. చార్జ్‌ని తాకుతున్న ముఖం మీద ఏ బిందువు తీసుకున్నా, చార్జ్ నుంచి అక్కడికి గీసిన గీత ఆ ముఖం తలంలోనే పడుకుని ఉంటుంది. క్షేత్రం ఆ గీత వెంటే పోతుంది, ముఖానికి లంబంగా దాని వాటా సున్నా. అలా ఆ మూడింటి గుండా ఫ్లక్స్ ఏమీ దాటదు.

సరిచేయడం: 250ని ఎదురు మూడు ముఖాలకే పంచండి. ఒక్కోదానికి 83.3, అంటే q/24ε₀. ఇది నమ్మకం కలగకపోతే పెద్ద క్యూబ్ వైపు నుంచి రండి. దాని ఒక్కో ముఖానికి q/6ε₀, ఆ ముఖం నాలుగు చిన్న చదరాలు, నాలుగూ ఒకేలా ఉన్నాయి, కాబట్టి ఒక్కో చదరానికి q/24ε₀. నిజానికి నేను ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఈ దారే ముందు చెప్తాను, ఎందుకంటే ఇందులో q/8 అనే మజిలీ అసలు రాదు, దాన్ని ఆరుతో భాగించాలన్న కోరికా పుట్టదు.

పరీక్షలో ప్రశ్న 'ఒక ముఖం గుండా' అని ఊరుకుంటే ఏ ముఖమో చూసుకోండి. చార్జ్‌ని తాకే ముఖం అయితే సున్నా, ఎదురు ముఖం అయితే q/24ε₀. రెండూ రాసి ఏది ఎప్పుడో చెప్పడం క్షేమం.

సమస్య 2: చార్జ్ 'మూలకి అతి దగ్గరగా, లోపల' అని ఉంది, మీ మొత్తం 250 వచ్చింది

ఇక్కడ 'మూల వద్ద', 'మూల దగ్గర' రెండూ ఒకటే అనుకోవడమే కారణం. చార్జ్ వెంట్రుకవాసి లోపలికి జరిగినా అది పూర్తిగా లోపల ఉన్నట్టే, మొత్తం ఫ్లక్స్ 2000 కావాల్సిందే. కొంచెం జరిపితే 250 కాస్తా 2000 ఎలా అవుతుంది అని మొదట్లో నాకూ మింగుడు పడలేదు.

చార్జ్ కర్ణం వెంబడి లోపలికి ఇసుమంత జరిగిందనుకోండి. ఎదురు మూడు ముఖాలకి ఈ మార్పు పట్టదు, దూరం దాదాపు అంతే కాబట్టి వాటికి 83.3 చొప్పున 250 అలాగే ఉంటుంది. మిగతా 1750 ఎటు పోవాలి? ఇప్పటిదాకా సున్నా చూపించిన మూడు ముఖాల గుండానే. కర్ణం మీద ఉంది కాబట్టి మూడింటికీ సమానంగా పోతుంది, ఒక్కోదానికి 583.3, అంటే 7q/24ε₀. ముఖం తలంలో పడుకున్న గీతలు చార్జ్ కొంచెం పైకి లేవగానే ముఖాన్ని గుచ్చుకుని బయటికి పోతాయి, ఆ గుచ్చుకోవడం అంతా మూల పక్కనున్న చిన్న చోటులోనే జరుగుతుంది. అదే చార్జ్‌ని కర్ణం వెంబడి బయటికి జరిపితే ఆ మూడు ముఖాలకి −83.3 చొప్పున వస్తుంది, ఎదురువాటి +250తో కలిపితే మొత్తం సున్నా. బయట చార్జ్‌కి మొత్తం ఫ్లక్స్ సున్నా కావాలి, అయ్యింది.

కాబట్టి ప్రశ్నలో ఆ ఒక్క మాట చదివాకే పెన్ను కదపండి. సరిగ్గా మూల మీద ఉంటే తాకే ముఖాలకి 0, లోపలికి కాస్త జరిగితే 583.3, బయటికి కాస్త జరిగితే −83.3.

సమస్య 3: చార్జ్ మధ్యలో ఉంది, మీకు q/πε₀ వచ్చింది (636.6)

ఇది గాస్ నియమం మర్చిపోయి 'ఫ్లక్స్ అంటే క్షేత్రం ఇంటూ వైశాల్యం' అని నేరుగా వేసినవాళ్లకి వచ్చే జవాబు. ముఖం మధ్యబిందువు చార్జ్ నుంచి a/2 దూరంలో ఉంది, అక్కడ క్షేత్రం q/(πε₀a²), దాన్ని a²తో గుణిస్తే q/πε₀. అల్జీబ్రాలో తప్పు లేదు, కానీ ఆరు ముఖాలకి కలిపితే 3820 అవుతుంది. చార్జ్ ఇచ్చేదే 2000 అయితే 3820 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఒక్క చూపుతో తప్పు బయటపడుతుంది.

కారణం: ముఖం మీద క్షేత్రం అంతటా ఒకేలా లేదు. మధ్యబిందువు దగ్గర చార్జ్ అతి సమీపంలో ఉంది, పైగా క్షేత్రం నిటారుగా దూసుకెళ్తుంది. ముఖం మూలకి వెళ్లేసరికి దూరం √3 రెట్లు పెరుగుతుంది, క్షేత్రం మూడో వంతుకి పడిపోతుంది, అదీ ఏటవాలుగా తగులుతుంది కాబట్టి లంబ భాగం ఇంకా √3 రెట్లు తగ్గుతుంది. మొత్తంగా మధ్యలో ఉన్నదానిలో ఐదో వంతు కంటే కొంచెం తక్కువే మిగులుతుంది. మీరు ముఖంలో అన్నిటికంటే బలమైన చోట కొలిచి, అదే అంతటా ఉందని లెక్కేశారన్నమాట.

పరిష్కారం సౌష్ఠవమే, 2000/6. అయినా ఒకసారి చేత్తో చేసి చూడండి, బాగుంటుంది. ముఖాన్ని నాలుగు చదరాలుగా కోసి, ఒక్కో చదరం మధ్యలో లంబ క్షేత్రం కొలవండి. భుజం 1 అనుకుంటే ఆ బిందువుకి దూరం వర్గం 1/4 + 1/16 + 1/16 = 0.375. లంబ దూరం 0.5ని దూరం ఘనం 0.2296తో భాగిస్తే 2.178, దాన్ని 4πతో భాగిస్తే 0.1733. నాలుగు చదరాలకీ ఇదే విలువ, మొత్తం వైశాల్యం 1, కాబట్టి ఫ్లక్స్ 2000 × 0.1733 = 346.6. అసలు జవాబు 333.3. ఒక్క బిందువుతో దాదాపు రెండింతలు తప్పిన లెక్క నాలుగు బిందువులతో 4 శాతం దగ్గరికి వచ్చేసింది.

ఇంకో సంగతి గమనించారా? ఇప్పుడు కోసిన ఆ చిన్న చదరం, దాని కింద చార్జ్ వరకు ఉన్న చిన్న క్యూబ్... అది అచ్చం మూల సమస్యే! చార్జ్ చిన్న క్యూబ్ మూలలో ఉంది, చదరం ఎదురు ముఖం. మధ్య లెక్కా మూల లెక్కా ఒకటే బొమ్మ, రెండు సైజుల్లో చూస్తున్నాం అంతే.

సమస్య 4: చార్జ్ మధ్య నుంచి పక్కకి జరిగినా q/6ε₀ రాశారు

లోపల ఎక్కడున్నా మొత్తం 2000 కాబట్టి ఒక్కో ముఖానికీ ఆరో వంతే అనుకోవడం. మొత్తం మారదు, పంపకం మారుతుంది. చార్జ్ ముఖం మధ్యబిందువుకి సరిగ్గా ఎదురుగా d దూరంలో ఉంటే ఈ సూత్రం పనిచేస్తుంది:

```
φ = (q/πε₀) · arcsin[ (a/2)² / ((a/2)² + d²) ]
```

d = a/2 పెడితే arcsin(1/2) = π/6, మన పాత q/6ε₀ వచ్చేస్తుంది. చార్జ్‌ని ఒక ముఖానికి a/4 దూరంలోకి తెచ్చామనుకోండి. ఆ ముఖానికి arcsin(0.8), ఫ్లక్స్ 590.3. ఎదురు ముఖానికి d = 3a/4, arcsin(4/13), ఫ్లక్స్ 199.1. పక్క నాలుగింటికి ఈ సూత్రం పనికిరాదు, ఎందుకంటే చార్జ్ వాటి మధ్యబిందువులకి ఎదురుగా లేదు. కానీ నాలుగూ ఒకేలా ఉన్నాయి, కాబట్టి మిగిలిన 1210.6ని నాలుగుతో భాగిస్తే ఒక్కోదానికి 302.6. చార్జ్ ఎదురెదురు ముఖాల మధ్యబిందువుల్ని కలిపే గీత మీద కూడా లేకుండా ఎటో జరిగి ఉంటే సౌష్ఠవం ఒక్కటే సరిపోదు, ముఖాన్ని చిన్న చదరాలుగా కోసి కూడొచ్చు.