పడవ ఆగినప్పుడు యాత్రికులకు నోటీసు ఎలా రాయాలి?

రాజమహేంద్రవరంలో డీటీపీ దుకాణం నడుపుతున్నాను. గోదావరికి ఎర్రనీరు రాగానే పాపికొండల పడవలు ఆగిపోతాయి, ట్రావెల్స్ వాళ్లు నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. వాళ్లు తెచ్చే నోటీసు ఏటా ఒకటే:

"అనివార్య కారణముల వలన యాత్రా కార్యక్రమము మార్చబడినది. అదనపు చార్జీలు తలకు రూ.1,900 యాత్రికులే భరించవలెను. వాపసు నిబంధనల మేరకు పరిశీలించబడును. సహకరించ ప్రార్థన."

దీన్ని తిరగరాయడానికి పాత రసీదు, కొత్త ఖర్చుల చీటీ, ఏజెన్సీ యజమాని ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ముందు "అనివార్య కారణాలు" కొట్టేసి అసలు కారణం రాయండి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట చెబితే ఎవరూ గొడవపడరు. "బడినది", "బడును" అన్నీ తీసేయండి. ఎవరు మార్చారో, ఎవరు డబ్బు ఇస్తారో ఆ క్రియల వెనక దాక్కుంటారు. "తలకు" అని కూడా రాయకండి, "ఒక్కొక్కరికి" అనండి. కొందరు నాలుగు వాక్యాల కృతజ్ఞతలతో మొదలుపెడతారు. డబ్బు అడిగే కాగితంలో పొగడ్త కనిపిస్తే చదివేవాడు జేబు తడుముకుంటాడు. క్షమాపణ ఒక్కసారి, అదీ చివర్లో.

ఇక నోటీసులన్నీ చెడేది డబ్బు దగ్గరే. పై నోటీసులో రూ.1,900 కొత్త బస్సుకు, బసకు అయ్యే ఖర్చు. మరి యాత్రికుడు రూ.4,200 కట్టినప్పుడు అందులో పడవకు, పడవలో భోజనానికి కలిపి రూ.1,250 ఉంది కదా, అది ఏమైంది? గోదాట్లో కలిసిపోయింది! చాలాసార్లు ఇది మోసం కాదు, మరపు. పెరిగిన ఖర్చు కళ్లెదుట ఉంటుంది, మిగిలినది ఎవరికీ గుర్తుండదు. అందుకే చేరింది, తగ్గింది, ఇంకా కట్టాల్సింది అనే మూడు అంకెలూ ఈ వరుసలోనే రాయాలి. ఒక్క రూ.650 మాత్రమే రాస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. లెక్క కనిపించని అంకెను ఎవరూ నమ్మరు. జీఎస్టీ కూడా అందులోనే కలిపి చెప్పాలి, బస్సెక్కాక అడగకూడదు.

వాపసు మాట ఇంకా జాగ్రత్తగా రాయాలి. రసీదు వెనక ఉండే రద్దు రుసుము, తనంతట తాను మానుకున్న యాత్రికుడి కోసం పెట్టినది. ఏజెన్సీయే కార్యక్రమం మార్చినప్పుడు దాన్ని చూపించకూడదు. వరద ఏజెన్సీ తప్పు కాదు, నిజమే. కానీ నడవని పడవకు డబ్బు ఉంచుకోవడానికి అది సాకు కాదు. ఒప్పుకోని యాత్రికులు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయగలరు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలరు. అయితే మీ ఉదారతతో యజమాని ఇవ్వనిది రాసేయకండి. ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖాతాకు అని ఫోను చేసి అడిగాకే రాయండి. పదిమందికీ ఒకరే కట్టి ఉంటే, డబ్బు ఎవరికి చేరుతుందో చెప్పకపోవడం వల్ల చుట్టాల మధ్య తగవులొస్తాయి.

"జవాబు రాకపోతే సమ్మతించినట్టే" అనే వాక్యాన్ని నేను టైపు చేయను. ఫోను ఛార్జింగు అయిపోయినవాడు సమ్మతించినట్టా?

యజమాని ఒప్పుకున్నాక నోటీసు ఇలా వచ్చింది:

"ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చినందున శనివారం పాపికొండల పడవ ప్రయాణం లేదు. బదులుగా బస్సులో సింహాచలం తీసుకువెళ్లి, రాత్రి అక్కడే బస ఏర్పాటు చేస్తాం. ఆదివారం అనుకున్నట్టే అన్నవరం, సామర్లకోట, ద్రాక్షారామం చూపిస్తాం.

కొత్త ప్రయాణానికి, బసకు ఒక్కొక్కరికి రూ.1,900 అవుతుంది. పడవకు మీరు కట్టిన రూ.1,250 తగ్గించాం. ఇంకా చెల్లించవలసింది ఒక్కొక్కరికి రూ.650, పన్నులతో కలిపి.

ఈ మార్పు మీకు నచ్చకపోతే కట్టిన రూ.4,200 పూర్తిగా తిరిగి ఇస్తాం, రద్దు రుసుము ఉండదు. గురువారం సాయంత్రం 6 గంటలలోగా ఫోను చేయండి. డబ్బు కట్టిన ఖాతాకే 7 రోజుల్లో జమ చేస్తాం. మీ కబురు రాకపోతే మేమే ఫోను చేస్తాం. మీరు సరే అనకుండా అదనపు సొమ్ము తీసుకోం. ఇబ్బందికి మన్నించండి."

అచ్చుకు ఇచ్చే ముందు ఈ యాత్ర సంగతి తెలియని ఒకరి చేత చదివించండి. నేను ఎదురుగా ఉన్న టీ కొట్టు అబ్బాయికి ఇస్తాను. నలుగురున్న కుటుంబం ఇంకా ఎంత కట్టాలి, రామంటే ఎంత తిరిగి వస్తుంది అని అడుగుతాను. రూ.2,600, రూ.16,800 అని చెప్పాలి. రూ.7,600 కట్టాలన్నాడంటే అతను 1,900 దగ్గరే ఆగిపోయాడన్నమాట. ఆ పేరా మళ్లీ రాయాల్సిందే.