మెసేజ్‌కు జవాబు, 4వ పాఠం: ‘ఏమంటావ్?’ వేరు, ‘ఏం చేయమంటావ్?’ వేరు

పోయిన పాఠం కొంతమందికి ఎదురు తిరిగింది. స్నేహితులు తమ కష్టమో నిర్ణయమో మెసేజ్‌లో చెప్పుకుంటే, “సలహా కావాలా, వింటే చాలా” అని ముందే అడగమని రాశాను. ఆ మాటను ఉన్నదున్నట్టు పంపేసరికి అవతలివాళ్లు “ఏందిరా, ఫారం నింపిస్తా ఉండావా?” అని నొచ్చుకున్నారట. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నకు గొంతు, మొహం తోడుంటాయి. మెసేజ్‌లో అవి లేవు, అందుకే మనిషిని గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడినట్టు అయింది. ఈసారి అడక్కుండానే కనిపెట్టడం నేర్చుకుందాం.

ముందు క్రియ చూడండి. “మానేద్దామనుకుంటా ఉండా” అంటే మనసు ఇంకా ఊగుతోంది, అక్కడ ప్రశ్నలకు చోటుంది. “మానేస్తా ఉండా” అంటే కుదిరిపోయింది, ఇక కావలసింది తోడు. “మానేసినా” అంటే అది వార్త. అయిపోయినదానికి సలహా ఇస్తే వినేవాడికి అది తప్పు పట్టినట్టే వినపడుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది చివరి మాట దగ్గర. “ఏమంటావ్?” కనబడగానే సలహా అడిగారనుకుంటారు. కాదు. “ఏం చేయమంటావ్?” అన్నవాడు పని మన చేతికిస్తున్నాడు. “ఏమంటావ్?” అన్నవాడు పని తన చేతిలోనే పెట్టుకుని, మనం తనవైపు ఉన్నామా లేదా అని చూస్తున్నాడు. “నేను చేసింది కరెక్టే కదా?” కూడా ఈ కోవదే, ఆ ‘కదా’లో భయం ఉంది. ఒక్క మినహాయింపు: క్రియ ఇంకా ‘అనుకుంటా ఉండా’ దగ్గరే ఉంటే, “ఏమంటావ్?” నిజంగానే అభిప్రాయం అడగడం కావచ్చు. అందుకే రెండూ కలిపి చదవాలి. చివరి మాట ఒక్కటే చూసి జవాబు టైపు చేయడం మొదలుపెట్టకండి.

ఇలాంటి మెసేజ్ రాత్రి పదకొండున్నరకు వచ్చిందనుకోండి:

“రేయ్, నిద్రపోయినావా? ఇంట్లో ఎవరికీ తెలీదు. బెంగుళూరులో పేపర్లు పెట్టేసినా. నెలాఖరుకు చిత్తూరొచ్చేసి నాయన మామిడి తోట చూసుకుంటా. ఏమంటావ్?”

తొందరపడి పంపే జవాబు ఇలా ఉంటుంది: “పిచ్చా నీకు? 2025లో తోతాపురి ధర ఎట్ల పడిపోయిందో చూడలేదా?” ఆ సంగతి నిజమే, చిత్తూరు రైతు ఆ ఏడాదిని మరిచిపోలేడు. కానీ ఆ తోట వాళ్ల నాయనది, మనకన్నా అతనికే బాగా తెలుసు. పైగా ‘పెట్టేసినా’ అన్నాడు. ధర లెక్క చెబితే అతను మనముందు తన నిర్ణయాన్ని సమర్థించుకోవలసి వస్తుంది, చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోతుంది.

సరైన జవాబు చిన్నది: “చదివినా రా. ఇంత పెద్దది ఎన్నాళ్లు ఒక్కడివే మోసినావో. ఇప్పుడు ఫోన్ చేయనా, మెసేజ్‌లోనే చెప్తావా?”

ఇందులో జాబు, తోట, పేపర్లు అనే మాటలు కావాలనే పెట్టలేదు. ఫోన్ లాకులో ఉన్నా మెసేజ్ మొదటి ముక్క తెరమీద కనబడొచ్చు. ఇంట్లో తెలియదని అతనే చెప్పాడు, ఆ ఫోన్ ఎవరి పక్కన ఉందో మనకు తెలియదు. ప్రశ్న కూడా ఒక్కటే ఉంది. మూడు ప్రశ్నలు పంపితే అతను తేలికైనదానికి జవాబిచ్చి మిగతావి దాటేస్తాడు.

తర్వాత అతనే “నాలుగెకరాలు, లోన్ ఇంకా రెండేళ్లుంది” అని లెక్కలు రాస్తే, అప్పుడు ధర గురించి మాట్లాడొచ్చు. లెక్కలు తనంతట తాను బయటపెట్టాడంటే ఆలోచనలోకి మనల్నీ పిలుస్తున్నాడన్నమాట.

దీనికి పూర్తిగా వేరైనది, తిరుపతి హాస్టల్ నుంచి స్నేహితురాలు రాసింది: “సంబంధం ఖాయం చేస్తామంటా ఉండారే. ఆదివారం లోపల చెప్పల్ల. ఒప్పుకోవాలా వద్దా, ఏం చేయమంటావే?” గడువు ఉంది, రెండు దారులున్నాయి, అడగడమూ ఉంది. ఇక్కడ “నీ ఇష్టమే” అనడం తప్పించుకోవడం. “నీకు అబ్బాయి నచ్చలేదా, ఇప్పుడే పెళ్లి వద్దనుకుంటున్నావా?” అని అడిగి, విన్నాక మీ మాట సూటిగా చెప్పండి.

జవాబు గురి తప్పిందని “సరేలే” చెబుతుంది. “సరే” అంటే ఒప్పుకున్నట్టు, ‘లే’ చేరిందంటే తలుపు మూసినట్టు. అప్పుడు సంజాయిషీ పేరా పంపకండి. “నువ్వు చెప్పేది వినకుండా ధర మాట్లాడినా. మళ్లీ చెప్పు రా” చాలు.

చచ్చిపోవాలన్న మాట గానీ, ఆ ఛాయ గానీ కనబడితే ఈ పాఠమంతా పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేయండి, దగ్గరుంటే వెళ్లండి, రహస్యమని ఆగకండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు.

అభ్యాసం: మీ ఫోన్‌లో ఇలాంటి పాత మెసేజ్‌లు ఐదు వెతకండి. మీ జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టి, క్రియనూ చివరి మాటనూ కాగితం మీద రాసుకుని, కొత్త జవాబు రాయండి. ఆ తర్వాత చెయ్యి తీసి, అప్పట్లో మీ జవాబు కింద వాళ్లు ఏం రాశారో చూడండి. ‘లే’ ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.