నాయిన ఖాతాలో నెలనెలా 300 కట్ అవుడు ఎట్ల ఆగిందంటే (నా అనుభవం)

మిర్యాలగూడలో ఉండే మా నాయిన ఒక్కసారే విరాళం ఇద్దామనుకొని, 'ప్రతి నెలా' అన్న టిక్కు తీయకుండానే పిన్ కొట్టిండు. ఇగ ప్రతి 5వ తారీఖు 300 రూపాయలు పోతనే ఉన్నయి. సంస్థకు మెయిల్ పెట్టినం, యాప్ తీసేసి మళ్లా వేసినం, ఏదీ పనిచెయ్యలే.

పనిచేసింది ఇదీ: పైసలు కట్టిన యూపీఐ యాప్‌లనే ప్రొఫైల్‌ల ఆటోపే తెరిచినం. నడుస్తున్న వాటిల్ల ఆ సంస్థ పేరు నొక్కి, కింద రద్దు అన్నది ఎంచుకొని, నాయిన తోని యూపీఐ పిన్ కొట్టిచ్చిన. పిన్ కొట్టకముందే బయటికొస్తే రద్దు కాదు. అయినంక అక్కడ Revoked అని పడ్డది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసిపెట్టిన.

అయినా నమ్మకం కుదరలే. ప్రతిసారి కట్ అయ్యే ముందురోజు వచ్చే మెసేజ్ ఈసారి 4న రాలే. 6న పాస్‌బుక్ ప్రింట్ కొట్టిస్తే 300 పోలే. అప్పుడు మనసు కుదుటపడ్డది.

మాది యూపీఐ కాబట్టి ఇట్లయింది. బ్యాంకు ఖాతా నుంచే నెలనెలా పైసలు కట్ చేసుకోమని ఇచ్చిన నాచ్ మాండేట్ ఉంటే, అది ఆటోపే జాబితాల కనపడకపోవచ్చు. స్టేట్‌మెంట్‌ల ఆ ఎంట్రీ చూపించి బ్యాంకులనే రద్దు దరఖాస్తు ఇయ్యాలె. రద్దు చేస్తే ముందు పోయిన పైసలు వాపస్ రావు, అవి సంస్థనే అడగాలె.