ఆదివారం పద్దు – 4వ పాఠం: తేదీ లేని వాయిదా

పెండింగు పనులను వదిలేయడం గురించి ఈసారి చెబుతానన్నాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. మీరు పంపిన జాబితాలే అందుకు కారణం. పోయిన వారం పెండింగు పనుల జాబితాలో ఒక్కోదాని పక్కన రాయమని చేయాలి, అప్పగించాలి, వాయిదా, వదిలేయాలి అని నాలుగు గుర్తులిస్తే, చాలామంది సగానికి పైగా పనుల పక్కన ‘వాయిదా’ రాసి ఊరుకున్నారు. ఎప్పటికి? కోర్టులో కూడా వాయిదా వేస్తే తేదీ ఇస్తారు.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకావిడ పంపిన అక్టోబరు జాబితాలో ‘నాన్నగారి లైఫ్ సర్టిఫికెట్ – వాయిదా’ అని ఉంది. పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన పత్రం అది. ఆయన రైల్వేలో రిటైరయ్యారు, వయసు 76. నిర్ణయం సరైనదే. రైల్వే పింఛనుదారుల్లో 80 నిండినవారి సర్టిఫికెట్ అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు కానీ, మిగతావారికి గడువు నవంబరు 1 నుంచి 30 వరకు. ఇవ్వకపోతే ఆ తర్వాత పింఛను ఆగిపోతుంది.

అయితే ఆ వాయిదాలో ఈరోజే చేయాల్సిన పని ఒకటి దాగి ఉంది. ఈ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతిలో ఫోనులో ముఖం చూపించి ఇవ్వాలంటే ఆధార్, పింఛను మంజూరు ఉత్తర్వు అయిన పీపీఓ నంబరు, పింఛను పడే బ్యాంకు ఖాతా నంబరు కావాలి. పీపీఓ కాగితం ఏ బీరువాలో ఉందో వెతకడానికి నవంబరు దాకా ఆగనక్కరలేదు. కాబట్టి ఆ ఒక్క పద్దు రెండవుతుంది: ‘పీపీఓ కాగితం తీసి పెట్టాలి – ఈరోజు’, ‘సర్టిఫికెట్ – నవంబరు మొదటి ఆదివారం’.

మొదటి ఆదివారమే ఎందుకు? చాలామంది ఆఖరి తేదీ రాస్తారు. నాకు చిరాకు తెప్పించేది అదే. వయసు మళ్లినవారి ముఖం ఒక్కోసారి ఆధార్ ఫొటోతో సరిపోలదు. అప్పుడు ఆయన్ను బ్యాంకుకు తీసుకువెళ్లాలి, అందుకు పనిదినాలు కావాలి. వాయిదా తేదీ అంటే గడువు తేదీ కాదు, పని చెడినా సరిచేసుకోవడానికి రోజులు మిగిలే తేదీ.

నవంబరు మొదటి ఆదివారం వచ్చాక ఆవిడ ఆ పని తమ్ముడికి అప్పగించవచ్చు. అప్పుడు కూడా పద్దు కొట్టేయకూడదు. ‘తమ్ముడు – వచ్చే ఆదివారం అడగాలి, ప్రమాణ్ ఐడీ చూడాలి’ అని రాసుకోవాలి. ‘అయిపోయిందక్కా’ అన్న మాట చాలదు, సర్టిఫికెట్ ఇచ్చాక వచ్చే ఆ ఐడీ నంబరును కళ్లతో చూడాలి.

నేను ఫోను యాప్‌లు వాడను. మిగిలిన పద్దులను ప్రతి వారం పొడుగు నోటుబుక్కులో కొత్త పేజీలోకి చేత్తో ఎక్కిస్తాను. మూడోసారి ఎక్కించడానికి చెయ్యి రాకపోతే ఆ పద్దు కొట్టేస్తాను. మీరు యాప్ వాడితే వాడండి, పాతవి వాటంతటవే కొత్త వారంలోకి జరిగే సదుపాయం మాత్రం ఆపేయండి.

అభ్యాసం: పోయిన వారం ‘వాయిదా’ రాసినవన్నీ మళ్లీ తీయండి. ప్రతిదానికీ ఒక ఆదివారం తేదీ, ఈరోజే చేయగల ఒక చిన్న పని, అనుకున్నట్టు జరగకపోతే ఎక్కడికి వెళ్లాలో రాయండి. మూడూ రాయలేని పద్దులను విడిగా ఉంచండి. వచ్చే పాఠం వాటితోనే.