రోజు వయసు కోడిపిల్లలు దిగే ముందు, దిగాక జాగ్రత్తలు

వెయ్యి బ్రాయిలర్ పిల్లలు తెచ్చుకుంటున్నారనుకుందాం.

- బ్రూడర్ ముందురోజే వెలిగించండి. గాలి ఒక్కటే వేడెక్కితే చాలదు, నేల మీద పరిచిన వరిపొట్టు కూడా వెచ్చబడాలి. పిల్ల వీపు ఎత్తులో థర్మామీటర్ 32-33 డిగ్రీలు చూపించాలి.
- మారెక్స్ టీకా వేశారా అని హేచరీని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.
- బండి రాగానే సంతకం పెట్టకండి. నాలుగైదు పెట్టెలు తూకం వేయండి. పెట్టె బరువు తీసేస్తే వంద పిల్లలు దాదాపు 4 కిలోలుండాలి. ఒక పెట్టె బాగా తేలికగా ఉంటే పిల్లలు ఎండిపోయాయేమో చూడండి.
- ప్రతి పెట్టెలో పది పిల్లల బొడ్డు చూడండి. నల్లటి పొక్కు, తడి, దుర్వాసన ఉంటే బొడ్డువాపు అనుమానించాలి. ఇలాంటివి పదిలో రెండు కనిపించినా నేనైతే ఆ పెట్టె తీసుకోను. చనిపోయినవి లెక్కపెట్టి, డ్రైవర్ ముందే ఫొటో తీయండి.

దించగానే ముందు నీళ్లు. కొన్ని పిల్లల ముక్కు నీళ్లలో ముంచితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. మేత కాగితం మీద పలచగా చల్లండి.

అసలు పరీక్ష పిల్లల్ని దించిన ఎనిమిది గంటల తర్వాత. వంద పిల్లల మెడ కింద మేతసంచి మెల్లగా తడమండి. కనీసం 80 పిల్లలకు అది నిండుగా, మెత్తగా ఉండాలి. గట్టిగా ఉంటే మేత తిన్నాయి, నీళ్లు తాగలేదు. ఖాళీగా ఉంటే కాళ్లు మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే చలికి కదలట్లేదని అర్థం, వెంటనే బ్రూడర్ వేడి పెంచండి.